రాసేది ఒ, పలికేది అ: రష్యన్ భాషలో ఆకన్యె
(ఒక రష్యన్ మాస్టారి స్మారకోపన్యాస పాఠం)

ఈ స్మారకోపన్యాసం ఎవరి పేరిట ఏర్పాటైందో ఆ మాస్టారి రష్యన్ తరగతి సాయంత్రం ఆరింటికి మొదలయ్యేది. బల్లల మీద పది పన్నెండు మంది ఉండేవారు. కొందరు మెడిసిన్ చదవడానికి రష్యా వెళ్లబోతున్నవాళ్లు, కొందరు చిన్నప్పుడు సోవియట్ బొమ్మల పుస్తకాలు చదివి ఆ మోజుతో వచ్చినవాళ్లు. మొదటి నెల 33 అక్షరాలు దిద్దడంతోనే సరిపోయేది. తంటా అంతా రెండో నెలలో, వాచకం తెరిచి పైకి చదవమన్నప్పుడు మొదలయ్యేది.

ఒకరోజు ఒక కుర్రాడు లేచి, వేలితో ఒక్కో అక్షరం తడుముతూ, "కొరొవ దయొత్ మొలొకొ" అని చదివాడు. ఆవు పాలిస్తుంది అని ఆ వాక్యానికి అర్థం.

"ఒక్క అక్షరం తప్పు పోలేదు బాబూ. కానీ మాస్కో ఆవు ఇలా పాలివ్వదు" అన్నారు మాస్టారు. తరగతి నవ్వింది. తర్వాత ఆయన అదే వాక్యాన్ని చదివారు: "కరోవ దయోత్ మలకో."

"మరి పుస్తకంలో అన్నీ ఒ అక్షరాలే ఉన్నాయి కదండీ?" అన్నాడు కుర్రాడు.

"ఉన్నాయి. రాసినవాళ్లదీ తప్పు కాదు, పలికేవాళ్లదీ తప్పు కాదు. నువ్వు చెప్పాల్సింది ఒకటే. ఊనిక ఎక్కడుంది?"

ఆ ప్రశ్నకు జవాబే ఈ ఉపన్యాసం. ముందుగా ఒక చిన్న ఒప్పందం అవసరం. రష్యన్ మాట రాతలో ఎలా ఉంటుందో చూపాల్సిన చోట దాని ఒ అక్షరాన్ని ఇక్కడ ఒత్వంతో, "మొలొకొ" అని రాస్తారు. చెవికి ఎలా వినిపిస్తుందో చూపాల్సిన చోట "మలకో" అని రాస్తారు. ఊనిక పడ్డ అచ్చు కాస్త సాగుతుంది కాబట్టి పలుకు రూపంలో దాన్ని దీర్ఘంతో చూపుతారు.

రష్యన్‌లో దాదాపు ప్రతి మాటలోనూ ఒక అక్షరం మీద ఊనిక పడుతుంది. అది బలమైన ఊనిక. ఊపిరి, నిడివి, స్పష్టత అన్నీ ఆ ఒక్క అచ్చుకే దక్కుతాయి, మిగిలినవి సన్నబడిపోతాయి. అలా సన్నబడ్డప్పుడు ఒ తన గుండ్రదనాన్ని నిలుపుకోలేదు. పెదవులు గుండ్రంగా చుట్టే ఓపిక లేనట్టు అది అ వైపు జారుతుంది. ఊనిక లేని చోట ఒ, అ రెండూ ఒకే ధ్వనిగా కలిసిపోవడాన్ని రష్యన్ వైయాకరణులు ఆకన్యె అంటారు. ఆ అని పలకడం అనే దానికి అర్థం. ఊనిక లేకపోయినా ఒ ని ఒ గానే పలికే ఉత్తరాది మాండలికాల అలవాటుకు దీనికి జంటగా ఓకన్యె అని పేరు.

కుర్రాడు చదివిన వాక్యం ఇప్పుడు మళ్లీ చూడవచ్చు. "కొరొవ" రాతలో రెండు ఒ లున్నాయి. ఊనిక రెండో దాని మీద ఉంది కాబట్టి అదొక్కటే ఓ గా నిలిచి, మొదటిది అ అయింది: కరోవ. "మొలొకొ"లో మూడు ఒ లున్నాయి. ఊనిక చివరి దాని మీద ఉంది కాబట్టి ముందు రెండూ అ అయ్యాయి: మలకో. రెండు మాటల్లో కలిపి అయిదు ఒ లు రాస్తే, ఓ గా వినిపించేవి రెండే.

అయితే "మలకో"లోని రెండు అ లు సమానం కావు. ఇక్కడే తెలుగువాళ్ల నాలుక మొరాయిస్తుంది. తెలుగులో "కమలం" అన్నప్పుడు మూడు అకారాలూ దాదాపు ఒకే కొలతలో వస్తాయి. రష్యన్ అలా పంచిపెట్టదు. ఊనికకు సరిగ్గా ముందున్న అక్షరానికి కాస్త పెద్ద వాటా ఇస్తుంది, అక్కడ అ తేటగానే వినిపిస్తుంది. దానికంటే ముందున్నదీ, ఊనిక తర్వాత వచ్చేదీ నోట్లో సగం మింగేసినట్టుంటాయి. 19వ శతాబ్దంలో ఖార్కీవ్‌లో పనిచేసిన భాషాశాస్త్రవేత్త అలెగ్జాండర్ పొతెబ్న్యా దీనికి అంకెలు వేసి చూపించాడు. ఊనిక ఉన్న అక్షరానికి 3, దాని ముందరి దానికి 2, మిగిలిన వాటికి 1. ఆ లెక్కన మలకోలో "మ"కు 1, "ల"కు 2, "కో"కు 3. బాగుంది అనడానికి రష్యన్లు వాడే "హొరొషొ" కూడా అంతే: హ 1, ర 2, షో 3. మెట్లెక్కుతున్నట్టు పలకాలి: హరషో.

ఇంత వరకూ నేర్చుకున్నాక చాలామంది పుస్తకంలో ఒ కనిపించిన చోటల్లా అ అనడం మొదలుపెడతారు. అది రెండో తప్పు. దాన్ని వదిలించడానికి మాస్టారు ఒకే ఒక్క మాటను నల్లబల్ల మీద నాలుగు వరసల్లో రాసేవారు. ఆ మాట "గొలొవ". తల అని అర్థం.

మొదటి వరస, తల. ఊనిక చివరి అక్షరం మీద. పలుకు "గలవా". తరగతిలో మళ్లీ నవ్వులు. తెలుగు చెవికి అది "చేయగలవా" అన్నదానిలో తోకలా వినిపిస్తుంది. గ దాదాపు మాయమైపోయేంత పొట్టిగా, ల తేటగా, వా నిండుగా ఉండాలి. రెండు ఒ లు రాశారు, ఒక్కటీ వినిపించలేదు.

రెండో వరస, తలను. విభక్తి మారి మాట "గొలొవు" అవుతుంది. దాంతో ఊనిక చివరి నుంచి మొదటికి దూకుతుంది. పలుకు "గోలవు". ఇందాక దాదాపు మాయమైన మొదటి ఒ ఇప్పుడు నిండుగా నిలబడింది. ఇందాక తేటగా ఉన్న రెండోది నలిగిపోయింది.

మూడో వరస, తలల యొక్క. చివరి అచ్చు రాలిపోయి "గొలొవ్" మిగులుతుంది. ఊనిక రెండో ఒ మీదికి వస్తుంది. పలుకు "గలోఫ్". మాట చివర వ్ ఫ్ కావడం వేరే సూత్రం. ఇక్కడ చూడాల్సింది రెండో ఒ తన గొంతు వినిపించడం.

మూడు రూపాలూ పక్కపక్కన పెడితే, రాతలో "గొలొవ్" అనే ముద్ద ఎక్కడా చెక్కుచెదరలేదు. పలుకులో మాత్రం అది గలవ్, గోలవ్, గలోఫ్ అయింది. ఊనిక దీపంలా ఏ ఒ మీద పడితే ఆ ఒ కనిపించింది, పక్కది నీడలోకి జరిగింది. నాలుగో వరసను మాస్టారు ఖాళీగా ఉంచేవారు. దాని సంగతి చివర్లో.

రష్యన్ వర్ణక్రమం తెలివి ఇక్కడే ఉంది. మాట పలికే తీరును కాకుండా మాట కుటుంబాన్ని అది కాపాడుతుంది. నీళ్లను "వొద" అని రాసి "వదా" అంటారు. బహువచనంలో ఊనిక వెనక్కి జరిగి "వోది" లాగా వినిపిస్తుంది. దానికి ముద్దు రూపమే ప్రపంచమంతా తెలిసిన వోద్క. అక్కడ ఊనిక మొదటి అక్షరం మీదే ఉంది గనక ఓ నిక్షేపంగా వినిపిస్తుంది. చెవిని నమ్మి నీళ్లను "వద" అని రాసేస్తే దానికీ వోద్కకూ ఉన్న చుట్టరికం కాగితం మీద తెగిపోతుంది. వొద అని రాస్తే నిలుస్తుంది.

రష్యన్ పిల్లలకు బళ్లో నేర్పే ఉపాయం కూడా ఇదే. ఊనిక లేని అచ్చు దగ్గర అనుమానం వస్తే, అదే కుటుంబంలో ఆ అచ్చు మీద ఊనిక పడే మరో మాట వెతకాలి. దాన్ని పరీక్ష మాట అంటారు. "వదా" విన్న పిల్లవాడు ఒ రాయాలా, అ రాయాలా అని తడబడితే బహువచనం గుర్తుచేసుకుంటాడు. అక్కడ ఓ వినిపిస్తోంది, కాబట్టి ఇక్కడా ఒ. గడ్డిని "త్రవా" అంటారు. దాని బహువచనంలో మొదటి అచ్చు ఆ గా వినిపిస్తుంది, కాబట్టి అ రాయాలి. వినడానికి వదా, త్రవా రెండింటిలో మొదటి అచ్చు ఒకటే. రాతలో వేరు.

పరీక్ష మాట దొరకని చోట ఉపాయం చెల్లదు. పాలు, ఆవు, కుక్క వంటి మామూలు మాటలకే చాలావాటికి పరీక్ష మాట లేదు, బట్టీ పట్టాల్సిందే. "కంపానియ" అని వినిపించే మాటలు రష్యన్‌లో రెండున్నాయి. ఒకటి వ్యాపార సంస్థ లేదా స్నేహితుల గుంపు, దాన్ని మొదటి అక్షరంలో ఒ తో రాయాలి. రెండోది ఎన్నికల ప్రచారం వంటి ఉద్యమం, దాన్ని అ తో రాయాలి. చెవికి ఏ తేడా ఉండదు, వాక్యం చూసి తేల్చుకోవాల్సిందే. పెద్దలు కూడా తప్పు రాసే జంట అది. అలాగే "సమా" అంటే ఒక రాతలో ఆమే స్వయంగా, ఇంకో రాతలో సోమ్ అనే పెద్ద చేప యొక్క అని అర్థం.

రాత ఎప్పుడూ చెవికి లొంగలేదని కాదు. గుండ్రటి రొట్టె "కలాచ్" ఒకప్పుడు ఒ తో ఉండేది. చక్రం అనే అర్థమున్న కొలొ నుంచి పుట్టిన మాట అది. గ్లాసును చెప్పే "స్తకాన్" పాత రూపంలోనూ ఒ ఉంది. ఇలాంటి చోట కుటుంబంతో సంబంధం జనం మరిచిపోయాక, పలుకే రాతలోకి ఎక్కి కూర్చుంది.

ఈ అలవాటు పాతదే. మాస్కోలో 1339-40 ప్రాంతంలో చేతితో రాసిన ఒక సువార్త ప్రతి ఉంది, సీయ సువార్త అంటారు. అందులో నిర్జనమైన అని చెప్పే మాటను లేఖకుడు మొదట్లో ఒ తో రాయాల్సింది పోయి అ తో రాశాడు. అది చేతి పొరపాటే. ఆ పొరపాటు వల్లే అప్పటి చెవి ఏం విన్నదో నేటివాళ్లకు తెలిసింది. ఆకన్యెకు తొలి ఆధారాల్లో ఒకటిగా పండితులు దాన్ని చూపుతారు.

నాలుగు శతాబ్దాల తర్వాత, 1755లో, మిఖాయిల్ లొమొనొసొవ్ రష్యన్ వ్యాకరణం రాశాడు. అతను పుట్టింది ఉత్తరాన ఖొల్మొగొరీ దగ్గర, ఒ ని ఒ గానే పలికే ఓకన్యె సీమలో. అయినా ఊనిక లేని ఒ ని అ గా పలికే మాస్కో తీరే చెవికి ఇంపు అని ఒప్పుకున్నాడు. ఆ వెంటనే ఒక మెలిక పెట్టాడు. మాస్కో వాళ్లు పలికినట్టే అందరూ రాయాలంటే రష్యాలో ఎక్కువ భాగానికి మాట్లాడడం, చదవడం బలవంతంగా మళ్లీ నేర్పాల్సి వస్తుందని దాని సారాంశం. మొలొకొ అన్న రాతను ఉత్తరాదివాడు తన తీరులో, మాస్కోవాడు తన తీరులో చదువుకోగలడు. మలకో అని రాస్తే ఉత్తరాదివాడి నోటికి అది పరాయి మాట అవుతుంది.

పొరుగున ఉన్న బెలరూసియన్ భాష దీనికి సరిగ్గా ఎదురు దారి పట్టింది. వాళ్లకూ ఆకన్యె ఉంది, పైగా దాన్ని ఉన్నదున్నట్టు రాస్తారు. పాలను మలకొ, నీళ్లను వద, మాస్కోను మస్క్వ అనే రాస్తారు. ఊనిక తెలిస్తే చాలు, బెలరూసియన్ పిల్లవాడికి అచ్చు గురించి పరీక్ష మాట వెతికే పని లేదు. కానీ నీళ్లు ఏకవచనంలో వద అయి, బహువచనంలో మొదటి అక్షరం వొ అవుతుంది. ఒకే మాటకు రెండు రాతలు. రష్యన్ రాత చదివేవాడి చేత ఊనికను ఊహింపజేస్తే, బెలరూసియన్ రాత కుటుంబాన్ని గుర్తుపట్టే పని పెడుతుంది. ఉక్రేనియన్ సాహిత్య భాషలో ఈ బెడదే లేదు. అక్కడ మొలొకొ అని రాసి మొలొకో అనే పలుకుతారు.

తెలుగు పాఠకుడికి ఇదంతా దూరపు ముచ్చట అనిపించవచ్చు గానీ, అతని నోట్లో ఇప్పటికే కొన్ని రష్యన్ పేర్లు ఉన్నాయి. పత్రికల్లో "టాల్‌స్టాయ్" అని అచ్చవుతుంది. అది ఇంగ్లీషు మీదుగా వచ్చిన రూపం. రష్యన్ రాతలో రెండు అక్షరాల్లోనూ ఒ ఉంది. ఊనిక రెండో దాని మీద, పలుకు "తల్‌స్తోయ్". అంటే తెలుగు రూపంలో మొదటి అక్షరం అనుకోకుండా రష్యన్ పలుకుకు దగ్గర పడింది, ఓ ఉండాల్సిన రెండో అక్షరం దారి తప్పింది. "గోర్కీ"కి ఆ ఇబ్బంది లేదు, ఊనిక మొదటి అక్షరం మీదే ఉంది. "చెఖోవ్"లో ఊనిక చె మీద ఉంది కాబట్టి తర్వాతి ఒ నలిగి, రష్యన్ నోట "చేఖఫ్" అవుతుంది. హైదరాబాద్ ఇరానీ హోటళ్లలో టీ మరిగే సమోవార్ పేరులోనూ నడుమ ఉన్న ఒ రష్యన్ పలుకులో అ: సమవార్.

ఇక అసలు చిక్కు. మామూలు పుస్తకాల్లో, పత్రికల్లో ఊనిక గుర్తు అచ్చు వేయరు. చిన్నపిల్లల వాచకాల్లో, విదేశీయుల పాఠ్యపుస్తకాల్లో, నిఘంటువుల్లో మాత్రమే అచ్చు మీద చిన్న గీత ఉంటుంది. "జమొక్" అన్న అక్షరాలు కనిపిస్తే, మొదటి దాని మీద ఊనితే "జామక్", అంటే కోట. రెండో దాని మీద ఊనితే "జమోక్", అంటే తాళం. కోటకు తాళం వేశారు అన్న వాక్యాన్ని తడబడకుండా చదవాలంటే అర్థం ముందు తెలిసి ఉండాలి. రష్యన్ పైకి చదవడమంటే, మాట ఏదో గుర్తుపట్టి, దాని ఊనికను జ్ఞాపకం నుంచి తెచ్చుకుని, ఆ తర్వాత నోరు తెరవడం.

కొత్తవాడి తప్పు ఏ రకమో వినగానే చెప్పవచ్చు. అన్ని ఒ లనూ ఒ గా చదివితే ఉత్తరాది రష్యన్‌లా వినిపిస్తుందని కొందరు సరిపెట్టుకుంటారు. అది నిజం కాదు. ఉత్తరాదివాడు ఒ ని నిలుపుకున్నా ఊనికను వదలడు. కొత్తవాడు అన్ని అచ్చులనూ ఒకే బరువుతో మోస్తాడు, అందుకే వినేవాడికి మాట ఎక్కడ పట్టుకోవాలో తెలియదు. అన్నింటినీ దీర్ఘాలు చేసి "మాలాకో" అనేవాడి సంగతీ అంతే. అతను అక్షరం మార్చాడు, కొలత మార్చలేదు.

మాస్టారి మందు వెనక నుంచి మొదలయ్యేది. ముందు ఊనిక ఉన్న అక్షరం ఒక్కటే, నిండుగా: "కో". తర్వాత దాని ముందరిది కలిపి: "లకో". అప్పుడు గాని మొదటిది చేర్చనిచ్చేవారు కాదు: "మలకో". మొదటి అక్షరాన్ని చేర్చేటప్పుడు "అది గడప, తొక్కకుండా దాటాలి" అనేవారు. అలా పదిసార్లు పలికాక చేత్తో బల్ల మీద ఒక్క దెబ్బే కొట్టమనేవారు. దెబ్బ కో మీద పడితే సరే. మూడు దెబ్బలు పడితే మళ్లీ మొదటికి.

మినహాయింపులను ఆయన దాచేవారు కాదు. మాట ఒ తోనే మొదలైతే, ఊనిక ఎంత దూరంలో ఉన్నా ఆ మొదటి ఒ తేటగా అ అవుతుంది, నలగదు. మేఘాన్ని "ఓబ్లక" అంటారు, ఊనిక మొదట ఉంది. మేఘాలు అన్నప్పుడు ఊనిక చివరికి పోయి "అబ్లకా" అవుతుంది. అక్కడి అ గట్టిగానే వినిపించాలి. కానీ అనే అర్థమిచ్చే చిన్న మాట "నొ" ఊనిక లేకపోయినా తన ఒ ని వదలదు. "రాదియొ" వంటి అరువు మాటల్లో, అచ్చు తర్వాత మాట చివర వచ్చే ఒ కూడా నిలబడుతుంది. ఎ అక్షరానికి, మెత్తటి హల్లుల తర్వాతి అచ్చులకు దారి వేరు. అవి ఇ వైపు జారతాయి. నదిని రాసేటప్పుడు "రెక", పలికేటప్పుడు "రికా". ఆ పాఠం ఇంకో నెలకు. ఉ ఈ గొడవల్లో తలదూర్చదు. పొట్టిదవుతుంది గానీ వేరే అచ్చుతో కలిసిపోదు.

ఖాళీగా ఉంచిన నాలుగో వరసకు ఇప్పుడు రావచ్చు. రష్యన్‌లో "న" అంటే మీద. మామూలుగా ఇలాంటి చిన్న మాటలకు సొంత ఊనిక ఉండదు, వెనక వచ్చే మాటను అంటిపెట్టుకుని దానిలో ఒక అక్షరంగా పలుకుతాయి. తల మీద ఉంది అన్నప్పుడు "న గొలొవె" రెండు మాటలుగా రాసి, ఒక్క మాటగా "నగలవే" అంటారు. కానీ తల మీదికి అన్నప్పుడు కొన్ని పాత జంటల్లో ఊనిక పెద్ద మాటను వదిలి ఆ చిన్న మాట మీదికి దూకుతుంది. "న గొలొవు" అని రాసి "నాగలవు" అంటారు. ఈ నాలుగు వరసల్లో గొలొవ్ లోని రెండు ఒ లూ పూర్తిగా నలిగిపోయేది ఇక్కడే. అనుకోకుండా ఊడిపడ్డవాణ్ణి గురించి రష్యన్లు తల మీద మంచు పడ్డట్టు అంటారు. ఆ నానుడి చివర వినిపించేది ఈ "నాగలవు" అన్న పలుకే.

మాస్టారు వాడిన వాచకం ఒకటి ఆయన శిష్యుల దగ్గర ఉంది. అచ్చులో గుర్తులు లేని చోటల్లా పెన్సిల్‌తో ఊనికలు పెట్టి ఉన్నాయి. ఆ నానుడి ఉన్న పేజీలో "గొలొవు" మొదటి ఒ మీద ఒక గీత పెట్టి, రబ్బరుతో తుడిచిన మరక కనిపిస్తుంది. దాని ముందున్న రెండక్షరాల "న" మీద, కాస్త ఒత్తి గీసిన కొత్త గీత ఉంది.